వాఙ్నిశ్చయము

"పెండ్లి ఖాయమైంది, పూలూ పండ్లూ అయిపోయినయి" అని సారంగాపూర్ నుండి నా బాల్యమిత్రుడు ఫోనులో వ్రాసిన నాడు, క్షణమైన ఆలోచింపక "నిశ్చితార్థ శుభాకాంక్షలు" అని టైపు చేసి, పంపుటకు వ్రేలెత్తి, అట్లే ఆగిపోయితిని. ఆ మాటలో దోషమేమియు లేదు. కాని పేరైనను మార్చనక్కరలేకుండ దానిని ఏ వరునికైనను పంపవచ్చును. వెనుక తంతి శాఖవారు శుభాకాంక్షలకు సంఖ్యలు నిర్ణయించి యుండిరి. 8 అని వ్రాసి యిచ్చిన చాలు, దీర్ఘసుఖ దాంపత్యమును కోరు వాక్యము అవతలి యూరికి చేరెడిది. మాటమాటకు పైకము చెల్లించు కాలమున ఆ పొదుపు న్యాయమే. 2013 జూలైలో ఆ తంతియే మూగవోయినది. మాటకు ఖరీదు లేని ఈ దినములలో నేనేల పిసినారినైతినో నాకే తెలియలేదు.

నిశ్చితార్థమునకు పెద్దలు వాఙ్నిశ్చయమని మరియొక పేరు పెట్టిరి. పుస్తె యింకను పడలేదు, ఏడడుగులు నడువలేదు. ఇరుపక్షముల పెద్దలు తాంబూలములు మార్చుకొని పదిమంది యెదుట పలికిన మాటయొక్కటే, లగ్నము వచ్చునంతదాక, ఆ రెండు కుటుంబములను కలిపి నిలుపును. మాటయే ఆధారమైన శుభమునకు అరువుమాట పంపుట నాకు తగదనిపించినది.

ఫోను ప్రక్కన బెట్టి కాగితము తీసితిని. మొదట వ్రాసినది సీతారాముల పోలికలతో, కల్పవృక్షములతో నిండి, పెండ్లిపత్రికవలె తయారైనది. చదివి చూడగా అందులో నా మిత్రుడెచ్చటను కానరాలేదు. దానిని చింపివేసి, ఆ మనిషి నా కన్నుల యెదుటికి వచ్చువరకు కలము కదపక కూర్చుంటిని.

వచ్చినది ఒక శివరాత్రి. మేమిరువురము పదునొకండేండ్ల వారము; పెంబట్ల దుబ్బ రాజన్న జాతర చూచి వాని తండ్రి తోలుచున్న యెడ్లబండిలో తిరిగివచ్చుచుంటిమి. బండి యిసుకలో దిగబడగా, నిద్రపోవుచున్న చెల్లెండ్రను లేపక, ఎవ్వరిని దిగుమనక, వాడొక్కడే దిగి చక్రమునకు భుజమానించినాడు. ఆ తండ్రి గతించిన పిమ్మట, మా ప్రాంతపు యువకులనేకులవలె వాడును గల్ఫునకు పోయి, ఇద్దరు చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసి, తన పెండ్లి మాట యెత్తినవారికెల్ల "వచ్చే యేడు" అని చెప్పుచు తొమ్మిదేండ్లు గడిపెను. నేను అభినందింపవలసినది ఈ నిరీక్షణము తీరిన మనుష్యుని. ఇది తోచిన పిమ్మట గ్రాంథికము దానంతటదే తొలగి, మేము మాటలాడుకొను భాషయే కాగితము మీదికి వచ్చినది:

"అరే, నీ పెండ్లి ఖాయమైందని చదవంగనే దుబ్బ రాజన్న జాతర నుంచి వచ్చిన రాత్రి యాదికొచ్చింది. ఎవ్వరిని దిగుమనకుండ నువ్వొక్కనివే బండిచక్రానికి భుజం పెట్టినవు. చెల్లెండ్ల పెండ్లిండ్లప్పుడు గూడ గట్లనే చేసినవు. బాపు ఉంటే తాంబూలం ఆయనే అందుకుంటుండె. ఆయన జాగల మీ కాక కూసున్నడని విని మనసు నిమ్మలమైంది. వదినెను నేనింకా చూడలేదు. నువ్వు అలిసిపోయినా నోరు తెరిచి చెప్పవని ఆమెకు ముందే చెప్పు. పందిరికి కొమ్మలు కొట్టుకొచ్చే పని నాది, ఇంకెవరికీ చెప్పకు."

తండ్రి ప్రస్తావన తేవలెనా యని చాలసేపు సంశయించితిని. శుభవేళ మరణమును తలచరాదనువారు కలరు. కాని ఆ పీటమీద తండ్రి లేడను సంగతి అచ్చటివారందరికి తెలిసియే యుండగా, నేను మాత్రము ఎరుగనట్లు నటించిన అది ఆత్మీయత యనిపించుకొనదు. అయినను ఒక్క వాక్యముతో నిలిపితిని. రెండవది వ్రాసినచో ఉత్తరము పరామర్శగా మారియుండెడిది. చూడని వధువును పొగడుట మానితిని, ఏలయన ఆ పొగడ్త అబద్ధమని ఆమెయే మొదట గ్రహించును. సంసారమును గూర్చిన హితవులును, సంతానము కొరకు దీవెనలును పెండ్లినాటి పెద్దలకు విడిచితిని. వాని సెలవు ముగియగానే లగ్నమువరకు సముద్రమవతల నుండవలసిన దినములు కొన్ని కలవు. ఆ యెడబాటున తన పనిని మరియొకడు భుజమునకెత్తుకొన్నాడను మాట, ఎన్ని ఆశీస్సులకన్నను వానికి పనికివచ్చునని తోచి, కొమ్మల సంగతిని చివర నుంచితిని.

ఉత్తరము చేరిన సాయంకాలము వాని చిన్న చెల్లెలు దానిని తల్లికి చదివి వినిపించినదట. బండిచక్రము మాటవద్ద ఆమె చదువు నాపించి, ఆ ఎడ్లలో ఎడమప్రక్కది ఏ సంతలో కొన్నదో కూతురికి చెప్పసాగెనట.