రెండు కప్పులు, ఏడు కత్తులు

చిలక జోస్యంలో మనం పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. చిలక పంజరంలోంచి బయటికొచ్చి, వరసగా పేర్చిన అట్టల్లోంచి ఒకదాన్ని ముక్కుతో లాగి, చేతిలో గింజ తిని మళ్లీ పంజరంలోకి వెళ్లిపోతుంది. అంతటితో సరి. ఆ అట్ట మీద ఏ దేవుడి బొమ్మ ఉంటే జోస్యుడు దాన్నే చదవాలి. "ఇది కాదులే, ఇంకోటి తియ్యమను" అనాలంటే ఇంకోసారి డబ్బులివ్వాలి, పైగా చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వుతారు. జోస్యుడు మన మొహం చూసి మాట మారుస్తాడన్నది నిజమే, కానీ మనం ఎవర్ని తలుచుకుంటున్నామో అతనికి తెలీదు. చిలకకి అసలే తెలీదు. ఇవన్నీ ఎవరో ఆలోచించి పెట్టిన కట్టుబాట్లు కావు, ఆ వ్యాపారం అట్లా కుదిరింది. అయినా వాటివల్ల ఒక మేలు జరుగుతోంది. అడిగేవాడి ఆశా భయమూ కార్డుల దాకా పోకుండా మధ్యలో కొంత అడ్డు ఉంటోంది.

హాస్టల్ గదిలో, మంచం మీద, తన కోసం తానే టారో కార్డులు పరుచుకునే మనిషికి ఆ అడ్డు లేదు. అడిగేదీ తనే, తీసేదీ తనే, చదివేదీ తనే. ఎప్పుడు ఆపాలో చెప్పేది కూడా తనే. నా ఉద్దేశంలో అసలు చిక్కంతా ఈ చివరి దాంట్లోనే ఉంది.

మా పిన్ని కూతురు ఆళ్లగడ్డ పిల్ల. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం నంద్యాలలో హాస్టల్లో ఉంటోంది. నంద్యాలలో ఈ కోచింగ్ ఎంత పెద్ద వ్యవహారమో ఆ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. బ్యాచ్‌లో ఒక అబ్బాయి మీద తనకి మనసైంది. అతనితో ఆ మాట అనలేదు. ఒక టారో కట్ట తెప్పించుకుని రాత్రిపూట కార్డులు వెయ్యడం మొదలుపెట్టింది, వేసినప్పుడల్లా నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ నాకు చూపించి, "ఎట్లుందో చూడన్నా, రాసుకుంటే రాసుకో, పేరు మాత్రం వద్దు" అంది. ఈ వ్యాసం దాన్నుంచి వచ్చిందే.

ఆమె దగ్గరున్న కట్ట 1909లో లండన్‌లో మొదట అచ్చైన రకం. బొమ్మలు వేసినావిడ పమేలా కోల్మన్ స్మిత్. మొత్తం 78 కార్డులు. అంతకుముందు చాలా కట్టల్లో కప్పులు, కత్తులు, కర్రలు, నాణేల కార్డులు మన పేకముక్కల్లాగే ఉట్టి గుర్తులతో ఉండేవి. స్మిత్ దాదాపు ప్రతిదాని మీదా మనుషులున్న ఒక దృశ్యం గీసింది. రెండు కప్పుల కార్డులో ఒక అబ్బాయీ అమ్మాయీ ఎదురెదురుగా నిలబడి చెరో కప్పు పట్టుకునుంటారు. ఏడు కత్తుల కార్డులో ఒకడు గుడారాల దగ్గర్నుంచి ఐదు కత్తులు ఎత్తుకుని, వెనక్కి చూస్తూ, మునివేళ్ల మీద జారుకుంటుంటాడు. మూడు కత్తుల కార్డులో వాన, మబ్బులు, కత్తులు దిగిన గుండె. ఇట్లాంటి బొమ్మని చూస్తే ఎవరికైనా కథ పుడుతుంది. మనసులో ముందే ఒక కథ ఉన్నవాళ్లకి మరీ తొందరగా పుడుతుంది.

నోట్‌బుక్‌లో రెండు రాత్రులు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి రాత్రి ప్రశ్న, "అతనికి నా మీద ఇష్టముందా?" మూడు కార్డులు తీసింది. ఆరు కప్పులు, చంద్రుడు, మూడు కత్తులు. మొదటిది పాత జ్ఞాపకాలు, రెండోది అయోమయం, మూడోది గుండెకోత. నచ్చలేదు. "క్లారిఫయర్" అని ఇంకోటి తీసింది. టారో చూసేవాళ్లలో ఇది మామూలే, అర్థంకాని కార్డుని వివరించడానికి తీసే అదనపు కార్డు. అదీ తేలలేదు. ఇంకోటి తీసింది. రెండు కప్పులు! దాని కింద గీత గీసి, తేదీ వేసి, పడుకుంది.

వారం తర్వాత అదే ప్రశ్న. ఆ రోజు అతను క్లాసులో వేరే అమ్మాయితో చాలాసేపు మాట్లాడాడట. మొదటి కార్డే రెండు కప్పులు. పోయిన వారం ఈ కార్డు రాగానే నిద్రపట్టింది కదా, ఈసారి పట్టలేదు. "నిజమేనా?" అని ఇంకోటి తీసింది, ఆ తర్వాత ఇంకోటి. ఏడు కత్తులు వచ్చాక ఆగింది. "దాస్తున్నాడు. వేరే ఎవరో ఉన్నారు" అని రాసుకుంది.

కార్డు ఒకటే. ఆశ ఉన్న రోజు అది తీర్పు, భయమున్న రోజు అది అనుమానించాల్సిన సాక్ష్యం. రెండు రాత్రుల్లోనూ ఆమె కార్డు అర్థాన్ని తప్పుగా ఏమీ చదవలేదు. పుస్తకంలో ఉన్న అర్థాలే రాసుకుంది. తేడా అంతా ఎక్కడ ఆగిందన్న దాంట్లో ఉంది. ఏ కార్డు కోసం వెతుకుతోందో అది దొరికాక ఆగింది.

ఈ పిల్ల రోజూ పొద్దున "52 ముక్కల్లోంచి మూడు తీస్తే కనీసం ఒకటి రాజు అయ్యే సంభావ్యత ఎంత" లాంటి లెక్కలు నిమిషంలో చేస్తుంది. అందుకని అదే లెక్క తన కట్ట మీద చెయ్యమన్నాను. ప్రేమ విషయంలో మంచివని తను అనుకునే కార్డులు లెక్కపెడితే ఇరవై తేలాయి. 78లో 20 మంచివైతే, మూడు కార్డుల్లో కనీసం ఒకటి మంచిది వచ్చే అవకాశం దాదాపు 59 శాతం. ఆరు తీస్తే 84. తొమ్మిది తీస్తే 94. చెడ్డ కార్డులు కూడా ఆమె లెక్కలో ఇరవై దాకా ఉన్నాయి, కాబట్టి అవే అంకెలు భయానికీ వర్తిస్తాయి. తొమ్మిది కార్డులు తీసే ఓపికుంటే, వెతికేది ఏదైనా సరే, దొరక్కపోవడమే అరుదు. లెక్క పూర్తయ్యాక కాసేపు ఏం మాట్లాడలేదు. "అంటే ఎన్ని తీసినానో అదే జవాబన్నమాట" అంది.

దాదాపుగా అంతే. అందుకే మొదట చెయ్యాల్సిన పని కార్డు తియ్యకముందే చెయ్యాలి. ఎన్ని కార్డులో, ఏం వస్తే అవును, ఏం వస్తే కాదు, ఏం వస్తే చెప్పలేం అనేది ముందే రాసిపెట్టుకోవాలి. మా పనిలో ప్రోగ్రామ్ రాయకముందే టెస్ట్ రాసిపెట్టుకునే పద్ధతి ఒకటుంది, అదే ఇది. "చెప్పలేం" గడి ఖాళీగా ఉంటే ఆ రాత్రి కార్డులు ముట్టుకోకపోవడం మంచిది. ఇంకో నియమం, బయట ప్రపంచంలో కొత్తగా ఏదో ఒకటి జరిగేదాకా అదే ప్రశ్న మళ్లీ అడగకూడదు. నిన్నటికీ ఇవాళ్టికీ మారింది మన గుండెదడ మాత్రమే అయితే, ఇవాళ్టి కార్డు చెప్పేది దాని గురించే. ఎన్నిసార్లు అడిగామన్న అంకెని కూడా నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆ వరసలో ఏ కార్డుకన్నా ఆ అంకే ఎక్కువ చెప్తుంది.

ఆగే చోటుని కట్టడి చేసినా చదవడంలో వంకర మిగిలే ఉంటుంది. దానికి మేం వాడినది చీటీల పద్ధతి. రూమ్మేట్ రెండు చీటీలు రాస్తుంది. ఒకదాంట్లో అబ్బాయి గురించిన ప్రశ్న, ఇంకోదాంట్లో "ఈసారి ప్రిలిమ్స్ గట్టెక్కుతానా?" ఒకటి మడిచి ఇస్తుంది, రెండోది దాచేస్తుంది. మా చెల్లెలు చీటీ విప్పకుండా కార్డు తీసి, అనుకూలమో కాదో ఎందుకో రాసి, అప్పుడు విప్పాలి.

మొదటిసారి నాలుగు కప్పులు వచ్చాయి. చెట్టు కింద ఒక కుర్రాడు చేతులు కట్టుకుని కూర్చునుంటాడు, ఎదురుగా మూడు కప్పులు, మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగో కప్పు ఇస్తుంటే పట్టించుకోడు. "అనుకూలం కాదు. ఆసక్తి లేదు" అని రాసింది. ప్రిలిమ్స్ అనుకుంది లెండి. చీటీ విప్పితే అబ్బాయి ప్రశ్న. వెంటనే అంది, "ఓ, అయితే ఆ చెయ్యి అతనిది. అతను ఇస్తున్నాడు, నేనే చూడ్డం లేదు!" రాసిన సిరా ఇంకా ఆరలేదు. బొమ్మ మారలేదు, పుస్తకంలో అర్థం మారలేదు, బొమ్మలో తనెవరు అతనెవరు అన్నది మాత్రం చటుక్కున తారుమారైంది. ఆ తర్వాత పాత పేజీలు తిరగేసి చూస్తే ఇదే మళ్లీ మళ్లీ కనిపించింది. దొంగతనంగా జారుకునేవాడు ఎప్పుడూ అతనే, ఒక్కసారి కూడా తను కాదు. నిజానికి ఆ వారాల్లో మనసులో మాట దాచుకుని తిరుగుతున్నది ఎవరు?

కార్డులు చెప్పినట్టే జరిగిందనే వాదన ఒకటి ఉంటుంది కదా. నోట్‌బుక్‌లో ఒకచోట "ఎనిమిది కర్రలు. మెసేజ్ వస్తుంది" అని ఉంది, పక్కన టిక్కు. బ్యాచ్‌మేట్ కాబట్టి అతను నోట్సు కోసం రెండు మూడు రోజులకోసారి ఎలాగూ మెసేజ్ పెడతాడు. కార్డులు వెయ్యని వారంలో ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో లెక్కపెడితే తప్ప ఆ టిక్కుకి విలువ లేదు. లెక్కపెట్టింది. తేడా లేదు.

ఇంత తంటా ఎందుకు, ఇష్టమొచ్చినట్టు చూసుకుంటే ఎవరికి నష్టం అని అడగొచ్చు. ఏడు కత్తులు వచ్చిన మర్నాడు అతను నోట్సు అడిగితే ఆమె ఇవ్వలేదు. వారం రోజులు పక్క బెంచీ మార్చింది. అతనికి కారణం తెలీదు, తెలుసుకునే దారి కూడా లేదు. తను చూడని సాక్ష్యంతో, తను లేని గదిలో, అతని మీద విచారణ జరిగి శిక్ష కూడా పడింది. పరీక్ష గురించి వేసుకునే కార్డులకీ ఒక మనిషి మనసు గురించి వేసుకునే కార్డులకీ నాకు తేడా కనిపించేది ఇక్కడే. రెండోదాంట్లో పొరపాటు ఖర్చు ఇంకొకరు కడతారు.

టారోని సీరియస్‌గా తీసుకునే మిత్రులు దీనికి ఒక జవాబు చెప్తారు. కార్డులు భవిష్యత్తు చెప్పవు, మన లోపలున్నది చూపించే అద్దం అవి, కాబట్టి ఆశా భయమూ కలవడం లోపం కాదు, అదే అసలు ఉద్దేశం అని. నాకిది చాలావరకు ఒప్పుకోదగ్గ మాటే. మా చెల్లెలికి చెప్తే, "అద్దమైతే నా మొగమే కదన్నా కనపడేది, ఆ పిల్లోనిది ఎందుకు కనపడుతుంది?" అంది. అంటే ప్రశ్నే మార్చుకోవాలి. "అతను ఏమనుకుంటున్నాడు" అనేది అద్దాన్ని అడిగే ప్రశ్న కాదు. "చెప్తే కాదంటాడని భయమా, చెప్పాక అవునంటే ఇంట్లో ఏమంటారోనని భయమా" అనేది అడగొచ్చు. ఆ ప్రశ్నకి రెండు కప్పులొచ్చినా ఏడు కత్తులొచ్చినా రాసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, మూడోవాడికి నష్టం లేదు.

చీటీల పద్ధతికీ హద్దుంది. రూమ్మేట్‌కి ఏ చీటీ ఇచ్చిందో తెలుసు, ఇచ్చేటప్పుడు నవ్వు ఆపుకోలేదు. నాలుగోసారికే మా చెల్లెలు ఆ నవ్వుని చదవడం నేర్చుకుంది. ఇప్పుడు చీటీలు రెండూ జామెట్రీ బాక్సులో వేసి, కలిపి, చూడకుండా ఒకటి దిండు కింద పెట్టేసి, ఆ పిల్ల మెస్‌కి వెళ్లిపోతోందట.