మొదటి ప్రశ్నకు జవాబు

ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అని అడిగే అధికారి ముందు అభ్యర్థి బయోడేటా, అంటే చదువు, అనుభవాల వివరాలున్న పత్రం, అప్పటికే ఉంటుంది కనుక, సొంత ఊరితోనూ పదవ తరగతి మార్కులతోనూ మొదలయ్యే జవాబు ఆయనకు కొత్తగా ఏమీ చెప్పదు. ఆయనకు కావలసింది ఆ ఉద్యోగానికి పనికొచ్చే భాగం. దానికి నిమిషం, మహా అయితే ఒకటిన్నర నిమిషం చాలు.

మందుల టోకు వ్యాపార సంస్థలో అకౌంట్స్ అసిస్టెంటు పనికి వచ్చిన బీకాం పట్టభద్రురాలిని ఉదాహరణగా తీసుకుంటే, ఆమె ముందుగా ప్రస్తుతం ఒక ఆడిటరు కార్యాలయంలో ట్యాలీలో పద్దులు రాస్తున్నానని చెప్పి, ఆ తరువాత తాను స్వయంగా చేసిన ఒక పనిని, ఉదాహరణకు బ్యాంకు రీకన్సిలియేషన్‌ను, అంటే సంస్థ పుస్తకంలోని నిల్వకూ బ్యాంకు స్టేట్‌మెంటులోని నిల్వకూ తేడా ఎందుకు వచ్చిందో తేల్చే పనిని, కాస్త వివరించి, చివరగా సరుకు నిల్వల లెక్క కూడా నేర్చుకోవాలని ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేశానని ముగించవచ్చు. చదువుకు ఒక్క వాక్యం సరిపోతుంది. అలవాట్లు, అభిరుచులు అడిగితేనే చెప్పాలి.

జవాబును అక్షరం పొల్లుపోకుండా వల్లె వేసినవారు మధ్యలో ఒక మాట తప్పితే మళ్ళీ మొదటికి వెళ్తారు, వినేవారు దాన్ని ఇట్టే పసిగడతారు; అందుచేత వాక్యాలను కాక వరుసను మాత్రమే గుర్తుంచుకోవడం మేలు. పైగా చెప్పిన ప్రతి మాటా తదుపరి ప్రశ్నకు ఆధారమవుతుంది: రీకన్సిలియేషన్ పేరెత్తిన అభ్యర్థిని, ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు చేరకపోతే ఏ నిల్వ ఎక్కువగా కనిపిస్తుందని అధికారి అడిగితే, బ్యాంకు నిల్వేనని తడుముకోకుండా చెప్పగలగాలి.