కుంటని కాలు



అంత పుండు పెట్టుకుని మీ మామయ్య రోజూ బాటసింగారం మార్కెట్‌కు ఎలా వెళ్లాడని అడిగావు. మామూలుగానే వెళ్లాడు నాయనా. కుంటలేదు. ఇంట్లోవాళ్లు మోసపోయింది అక్కడే.

పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి అక్కడికి తరలినప్పటి నుంచీ, తెల్లారకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరి మధ్యాహ్నం దాకా బత్తాయి రాశుల మధ్య నిలబడే ఉంటాడు. షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి గుబ్బ మీద ఆనె కట్టింది. బ్లేడుతో చెక్కుకున్నాడు. అది తగ్గక మందుల షాపులో ఆనెల పట్టీ కొని అంటించుకున్నాడు. ఆ పట్టీలో ఉండేది చర్మాన్ని కొరికే మందు, స్పర్శ లేని కాలికి అది పనికిరాదు. కొన్నాళ్లకు అక్కడ తడి కనిపిస్తే పసుపు అద్దుకున్నాడు. మీ అత్త అడిగితే "నొప్పే లేదు, అదే మానుతుంది" అనేవాడు. అబద్ధం చెప్పలేదు, నొప్పి నిజంగానే లేదు.

మనవరాలి పుట్టినరోజున మంచం మీద పడుకుని పిల్లను పొట్ట మీద కూర్చోబెట్టుకుంటే, ఎవరో ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఫోటోలో పిల్ల చిన్నగా వెనక్కి పోయింది, మామయ్య అరికాలు ముందుకొచ్చి పెద్దగా పడింది. చుట్టూ దళసరిగా తెల్లటి అంచు, మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రటి గుంట, పక్కన నల్లటి మరక. నర్సు ఉద్యోగం చేసే మీ వదిన దాన్ని పెద్దది చేసి చూసి వెంటనే ఫోన్ చేసింది. కేకు సంగతి తర్వాత, ముందు ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లమంది.

నేను కుష్ఠు నివారణ విభాగంలో ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఈ పుండ్లు నాకు కొత్త కాదు. వేలూరు సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలు చూసి తేల్చిన సంగతి ఇదే. కాలు కుళ్లడానికి ముఖ్య కారణం రోగం కాదు, నొప్పి తెలియక అదే చోట మళ్లీ మళ్లీ బరువు వేయడం. మనకు కాలిలో ముల్లు గుచ్చుకుంటే కుంటుతాం. కుంటడమంటే పుండుకు విశ్రాంతినివ్వడమే. షుగర్ వల్ల నరాలు మొద్దుబారిన మనిషి కుంటడు, అడుగడుగునా పుండునే తొక్కుతాడు. పైన గట్టిపడిన ఆనె చెప్పులో ఇరుక్కున్న రాయిలా లోపలి కండను నలిపేస్తుంది. పైకి చర్మం బాగానే ఉన్నా కింద నెత్తురు చేరి, ఒకనాడు పగులుతుంది.

డాక్టరు ఆయన్ను కళ్లు మూసుకోమని, పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడా తాకాడు. వేళ్ల దగ్గర తాకినా మామయ్య "ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నాడట. ఆ తర్వాత పాదం మీద నాడి చూశారు, అది బాగానే కొట్టుకుంటోంది. సన్నటి కడ్డీతో పుండు లోతు చూస్తే ఎముక తగల్లేదు, ఎక్స్‌రేలోనూ ఎముక బాగుంది. అదృష్టమనే చెప్పాలి. చచ్చిన చర్మం కోసేసి, కొద్దిగా ఉన్న చీము తగ్గేదాకా యాంటీబయాటిక్ ఇచ్చి, ఆ తర్వాత మోకాలి కింద వరకూ కట్టు వేశారు. బరువంతా పుండు మీద పడకుండా పిక్కకూ పాదానికీ పంచే కట్టు అది. రోగి తనంతట తాను విప్పుకునే వీల్లేకపోవడమే దాని గొప్ప. విప్పుకునే బూటు ఇస్తే మీ మామయ్య లాంటి వాళ్లు మార్కెట్ గేటు దాకానే వేసుకుంటారు. వారం వారం కట్టు మార్చారు, మానడానికి రెండున్నర నెలలు పట్టింది.

మానిందని వదిలేయడానికి లేదు. ఇలా మానిన పదిమందిలో నలుగురికి ఏడాది లోపే మళ్లీ పుండు పడుతుంది.

మీ నాన్నకూ పన్నెండేళ్లుగా షుగర్. రోజూ ఫోన్‌లో "కాళ్లు బాగున్నాయా నాన్నా?" అని అడుగుతున్నావు, సంతోషమే. కానీ స్పర్శ పోయిన కాళ్ల సంగతి ఆయన మాత్రం ఏం చెప్పగలడు? వారానికోసారి ఎల్‌బీనగర్‌లో ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు రెండు అరికాళ్లూ వెలుతురులో నువ్వే చూడు. వేళ్ల సందులూ, మడమ పగుళ్లూ వదలకు. అరచేతి వెనకవైపు ఆనించి చూడు. ఒక కాలిలో ఏదైనా చోటు రెండో కాలి కంటే వేడిగా ఉంటే, పుండు పడకముందే తెలిసినట్టు. మిగతా రోజుల్లో అమ్మను ఫోటో తీయమను. అయితే ఫోటోలో లోతు కనిపించదు, వాసన రాదు, నాడి తెలియదు. ఫోటో చూసి డాక్టరు దగ్గరికి పరుగెత్తవచ్చు గానీ, ఫోటో చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఎరుపు పాకుతున్నా, వాసన వస్తున్నా, చోటు నల్లబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే తీసుకెళ్లు. ఏడాదికోసారి ఆ నైలాన్ పోగు పరీక్ష చేయించు.

మీ మామయ్యకు ఎంసీఆర్ రబ్బరు చెప్పులు చేయించాం. ఇంట్లోనూ తొడుక్కోమన్నారు. వంటింట్లోకి చెప్పులేమిటని మీ అత్త వారం రోజులు పోట్లాడి, చివరికి ఇంటి కోసం వేరే జత తనే కొనిచ్చింది. గుడిలో ప్రదక్షిణలు మాత్రం మానలేనంటున్నాడు. మే నెల బండల మీద ఉత్తకాళ్లతో వద్దు, పొద్దున్నే వెళ్లు, వచ్చాక కాళ్లు చూపించు అన్నాను. ప్రస్తుతానికి ఒప్పుకున్నాడు.

నీ పెదనాన్న