పోస్టర్ వెలుగు ఎప్పుడు అబద్ధమవుతుంది?

రాజాంలో పుట్టినరోజు ఫ్లెక్సీ మీద చీకట్లోంచి తొంగిచూసే హీరో ముఖం చాలాసార్లు మామూలు సెల్ఫీయే. ఆ ముఖం మీద లేని వెలుగు వేస్తున్నాం కదా, అది అబద్ధం కాదా?

ఒక సెల్ఫీనే తీసుకుందాం. మా పిన్ని కొడుకు కిటికీ పక్కన నిలబడి తీసుకున్నాడు. వెలుగు ఫొటోకి ఎడమవైపు నుంచి వస్తోంది. ఫొటో వెడల్పు 3000 పిక్సెళ్లు, ఎత్తు 4000. కాన్వాస్‌ని కింద 500 పెంచితే పోస్టర్ కొలత వస్తుంది. పెంచిన చోటుతో పాటు ఛాతీ భాగాన్నీ మెల్లగా నల్లబరిస్తే టైటిల్‌కి జాగా దొరుకుతుంది. తర్వాత బొమ్మ మొత్తాన్ని రెండు స్టాపులు, అంటే నాలుగో వంతు వెలుగుకి, తగ్గించి, కిటికీ వైపు చెంపనీ నుదుటినీ మాత్రం మాస్క్‌తో మళ్లీ తేల్చాలి. ఇక్కడ కొత్త వెలుగేమీ పుట్టలేదు, ఉన్నదానికే పక్కన చీకటి తోడైంది.

చాలామంది తప్పు చేసేది ఆ తర్వాతే. కుడి చెంప అంచున ఒక నారింజ గీత గీస్తారు. వెనకనుంచి నిజంగా దీపం ఉంటే చెవి, జుట్టు, భుజం కూడా అంటుకోవాలి. కంటి పాపలో మెరుపు ఎడమవైపు, ముక్కు నీడ కుడివైపు ఉండగా కుడి చెంప ఎక్కువ వెలిగితే, కారణం చెప్పలేకపోయినా చూసేవాళ్లకి ఏదో తేడా కొడుతుంది.

ఇంత సరిచేశాక తమ్ముడు అడిగాడు: "అన్నియ్యా, కూసింత తెల్లగా సెయ్యవా?"

అసలు ప్రశ్న ఇక్కడుంది. నీడలని నీలంవైపు, వెలుగుని నారింజవైపు జరపడం కలర్ గ్రేడింగ్. అందులో చర్మానికి వేరే మాస్క్ పెట్టి దాని సొంత రంగుని కాపాడతాం. చామనఛాయ ముఖం చీకట్లో తేలాలంటే తెల్లబడక్కర్లేదు. దవడ మీది మెరుపుని కొంచెం పెంచి, వెనక నేపథ్యాన్ని ఇంకొంచెం ముదురు చేస్తే చాలు. ముఖమంతా ఎత్తితే మెరుపుకీ చర్మానికీ తేడా పోయి, సున్నం కొట్టిన గోడలా చదునవుతుంది.

బాపు 'సాక్షి' (1967)తో మొదలుపెట్టిన ఈశ్వర్ లాంటివాళ్లు పోస్టర్లు చేత్తో వేసిన కాలంలో, హీరో ముఖాన నీలం కనిపిస్తే అతను నీలంగా ఉంటాడని ఎవరూ అనుకోలేదు. అది కథలోని రాత్రి అని తెలుసు. నా వాదన ఇదే: పోస్టర్ వెలుగు 'ఇది నాటకం' అని తనే చెప్పుకుంటుంది, టైటిల్ అందుకు సాక్ష్యం. తెల్లబరిచిన చర్మం ఆ మాట చెప్పదు, 'నేనింతే' అంటుంది. టైటిల్ తీసేసి అదే బొమ్మని పెళ్లిచూపులకి పంపి చూడండి. నాటకీయమైన వెలుగుని చూసి నవ్వుకుంటారు, రంగుని మాత్రం నమ్ముతారు.

తమ్ముడి చర్మం ముట్టుకోలేదు. నేపథ్యాన్ని ఇంకాస్త నల్లబరిచాను. "ఇప్పుడు తెల్లగున్నాను" అన్నాడు.