మొత్తం చూసి మురిసిపోకు

నాయనా, నిన్న నువ్వు వదిలేసి వెళ్లిన కాగితం నా పంచాంగంలో పెట్టి ఉంచాను. కంప్యూటరు వేసిచ్చిన షడ్బల పట్టికలో బుధుడికి 6.6 రూపాలు, శనికి 5.4 రూపాలు ఉన్నాయి. నువ్వు బుధుడి మీద వేలు పెట్టి, "మామయ్యా, ఈ జాతకంలో బుధుడే గట్టివాడు" అన్నావు. ఇంటి నిండా చుట్టాలున్నారని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, విను.

గ్రహాలన్నిటికీ ఒకే కొలత లేదు. బుధుడు బలవంతుడు అనిపించుకోవాలంటే 7 రూపాలు కావాలి. శనికి 5 చాలు. అంటే నీ కాగితంలో బుధుడు తనకు కావలసినదాన్ని అందుకోలేకపోయాడు, శని దాటేశాడు. కాబట్టి వచ్చిన బలాన్ని కావలసిన బలంతో భాగించి చూడు. ఒకటి దాటితే గ్రహం నిలబడ్డట్టు. ఆ లెక్కన బుధుడు 0.94, శని 1.08. నువ్వు గట్టివాడన్నవాడే తగ్గాడు.

అయితే అక్కడా ఆగిపోకు. అసలు పని ఆ తరవాతే మొదలవుతుంది. స్థానబలం, దిగ్బలం, కాలబలం, చేష్టాబలం, నైసర్గిక బలం, దృగ్బలం అని ఆరింటినీ కూడి ఒక అంకె రాస్తారు. ఆ అంకె ఎంతో చెబుతుంది గాని, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. జీతం మీద బతికేవాడి చేతిలోనూ, అప్పు తెచ్చినవాడి చేతిలోనూ ఉన్నది అదే పదివేలు కావచ్చు. ఇద్దరి సంగతీ ఒకటేనా మరి?

నీకొక అభ్యాసం ఇస్తాను. 1999 నవంబరు 7, దీపావళి. హైదరాబాదులో రెండు జననాలు జరిగాయనుకో. ఒకటి నరక చతుర్దశి తలంటు వేళ, తెల్లవారుజామున 5 గంటల 50 నిమిషాలకు. రెండోది దీపాలు పెట్టే వేళ, సాయంత్రం 6 గంటలకు. రెండు చక్రాలూ వేసి శనిని మాత్రమే చూడు.

ఆ రోజుల్లో శని మేషంలో దాదాపు 20వ భాగ దగ్గర ఉన్నాడు. అది ఆయనకు పరమనీచ. పరమనీచ నుంచి ఎన్ని భాగలు దూరమైతే దాన్ని మూడుతో భాగిస్తే వచ్చేదే ఉచ్చబలం. స్థానబలంలో అదొక పాలు. ఇక్కడ దూరమే లేదు కాబట్టి శనికి దక్కింది ఇంచుమించు సున్న. కాని అదే సమయానికి సూర్యుడు తులలో, శనికి సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు శని నడి వక్రంలో ఉంటాడు. అందుకని చేష్టాబలం దాదాపు 60 షష్ట్యంశలు, అంటే నిండు రూపం.

ఈ రెంటినీ సగటు చేసి "మధ్యస్థం" అని మాత్రం అనకు నాయనా. సున్నా ఉంది, అరవైయ్యీ ఉంది. రెండూ విడివిడిగా పనిచేస్తాయి. కూర్చున్న చోటు నుంచి ఆయనకు ఆసరా లేదు, ఉన్నదంతా తన కదలికలోని బలం. అటువంటి శని దశలో కుర్చీ వల్ల, కుటుంబం పేరు వల్ల వచ్చే ఫలం పలచన. పట్టుపట్టి, ఒకసారి చెడిన పనిని మళ్లీ మొదటినుంచి చేస్తే వచ్చేది గట్టిగా ఉంటుంది. నేనైతే అలా చదువుతాను.

ఇక ఇద్దరికీ తేడా ఎక్కడో చూడు. పొద్దున పుట్టినవాడిది తులా లగ్నం, శని సప్తమంలో. శనికి దిగ్బలం నిండేది పడమరనే, అంటే సప్తమంలోనే. లగ్నంలో సున్న. కాబట్టి వీడి శనికి 58 దాకా వస్తుంది. సాయంత్రం పుట్టినవాడిది మేష లగ్నం, శని లగ్నంలోనే. వాడికి 2 దగ్గర ఆగిపోతుంది. రెండు చోట్లా కేంద్రమే కనుక కేంద్రబలం 60 ఇద్దరికీ సమానం. ఉచ్చ, చేష్ట ఇద్దరికీ ఒకటే. నైసర్గిక బలం 8.57 లోకంలో ఎవరి శనికైనా ఒకటే, అందుకే రెండు జాతకాలను పోల్చేటప్పుడు దాన్ని నేను చూడనైనా చూడను.

ఇప్పుడు చాలామంది జారిపడే మెట్టు దగ్గరికి వచ్చాం. ఆ రోజు ఆదివారం. కాని మనకు వారం మారేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి. 5.50కి ఇంకా సూర్యుడు రాలేదు, అంటే పొద్దున పుట్టినవాడిది శనివారమే. దినాధిపతిగా శనికి కాలబలంలో 45 షష్ట్యంశలు చేరతాయి. సాయంత్రం వాడికి ఆ 45 సూర్యుడికి పోతుంది. నేను చేత్తో లెక్కలు కట్టే రోజుల్లో ఒక జాతకంలో గోడ మీద క్యాలెండరు చూసి వారం వేసేశాను. మా గురువుగారు కాగితం తిప్పి ఇచ్చేసి, "ముందు పొద్దు పొడవనివ్వు" అన్నారు.

దిక్కు వల్ల 56, వారం వల్ల 45. పన్నెండు గంటల తేడాలో ఒకే శనికి వంద షష్ట్యంశలు అటూ ఇటూ అయ్యాయి. ఆయనకు కావలసింది మొత్తం 300. అంటే మూడో వంతు.

ఇక్కడే ఒక జాగ్రత్త. దిగ్బలం మెల్లగా మారుతుంది, జనన సమయం పది నిమిషాలు తప్పినా ఒక షష్ట్యంశ అటో ఇటో. దినబలం అలా కాదు, పొద్దు పొడవగానే ఒక్కసారిగా గెంతుతుంది. కేంద్రబలమూ అంతే, లగ్నం రాశి మారితే 60 కాస్తా 15 కావచ్చు. కాబట్టి సూర్యోదయానికి దగ్గరలోనో, లగ్నసంధిలోనో జననం అయితే, ఆ గెంతే అంకెలు తీసేసి మొత్తం మళ్లీ కూడు. అవి లేకుండా కూడా గ్రహం నిలబడితేనే బలవంతుడను. లేకపోతే "సమయం సరిగ్గా తెలిస్తే గాని చెప్పలేను" అను. అందులో చిన్నతనం లేదు.

చివరి మాట. బలం అంటే మంచి అని కాదు. తులా లగ్నానికి శని చతుర్థ పంచమాధిపతి, యోగకారకుడు. పొద్దున పుట్టినవాడికి ఆయన బలం ఆ యోగానికి ఊతం. మేష లగ్నానికి ఆయన దశమాధిపతి, దానితోపాటు ఏకాదశాధిపతిగా బాధకుడు కూడా. సాయంత్రం వాడికి బలం తగ్గడం వల్ల ఉద్యోగం నెమ్మదిస్తుంది నిజమే, బాధకత్వం కూడా మెత్తబడుతుంది. షడ్బలం గొంతు ఎంత పెద్దదో చెబుతుంది. ఆ గొంతు ఏం పలుకుతుందో ఆధిపత్యాన్ని అడగాలి.

నీ కాగితం మీద బుధుడి అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను. ఆరు బలాల్లో ఆయనకు ఏది తక్కువైందో నువ్వే వెతికి, ఆదివారం వచ్చినప్పుడు చెప్పు. ఆ జాతకం పిల్లకు పెళ్లి సంబంధం చూస్తున్నారన్నావు కదా, అప్పటిదాకా వాళ్లకు ఏమీ చెప్పకు.