బ్రౌన్ అంటే ఎవరు?



పోయిన వైశాఖ పౌర్ణమి నాడు మా చివ్వెంలలో త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్నాక, పాయసం తిని అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. రాత్రి కరెంటు పోయింది. వాకిట్లో మంచాలు వేసుకొని ఇద్దరు మాట్లాడుకున్నారు, పక్క మంచం మీద నేను విన్నాను. ఇద్దరూ సొంత అన్నదమ్ముల బిడ్డలు. అక్క ఇక్కడే పెరిగింది, సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతుంది. తమ్ముడు ఆమె చిన్నాయన కొడుకు. అమెరికాలో న్యూజెర్సీలో పుట్టి పెరిగాడు, సెలవులకు వచ్చాడు. వాళ్ళ మాటలు మీరు కూడా వినాలని రాస్తున్నాను.

మాట ఎట్లా మొదలైందంటే, సాయంత్రం ఒక పిల్లగాడు తమ్ముణ్ణి "నువ్వు అమెరికోడివా?" అని అడిగాడు. "కాదు, నేను బ్రౌన్" అన్నాడు ఇతను. పిల్లగాడికి అర్థం కాలేదు. అక్కకు నవ్వొచ్చింది.

"బ్రౌనేంది తమ్మీ? మన దగ్గర ఆ రంగు లేనే లేదు. పెండ్లి సంబంధాలప్పుడు చూడు. ఎర్రగున్నోళ్ళు, నల్లగున్నోళ్ళు, నడిమిట్ల చామనచాయ. నిన్ను ఈడ ఎర్రగున్నవంటరు. నన్ను చూసిపోయినోళ్ళు మాత్రం పిల్ల నలుపు అని కబురు పంపిన్రు. మనిద్దరం ఒక్క తాత మనుమలం. నువ్వొక్కడివి బ్రౌన్ ఎట్లయితవు?"

"అక్కా, అక్కడ నువ్వూ బ్రౌనే, నేనూ బ్రౌనే. తెల్లోళ్ళు, నల్లోళ్ళు కానోళ్ళందర్నీ ఒక్క మాటల చెప్తరు. మూడో క్లాసుల ఒకడు నా చెయ్యి పట్టుకొని మట్టి అంటింది, కడుక్కో అన్నడు. ఇంటికి పోయి నిజంగనే సబ్బుతోటి కడుక్కున్న. పెద్ద క్లాసులకు వచ్చినంక మా అసొంటోళ్ళం ఐదారుగురం ఒక్క టేబుల్ కాడ లంచ్ తినేటోళ్ళం. గుజరాతీ పిల్ల ఉండె, పాకిస్తాన్ పిల్లగాడు ఉండె, తెలుగోడు ఉండె. మాకు మేమే బ్రౌన్ అని పేరు పెట్టుకున్నం. ఆ మాట వల్ల నేను ఒంటరిగ లేను."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఊరి చివర వాడలో పుట్టినవాళ్ళకు ఆ చివరి మాట విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎవరో విసిరిన మాటను ఏరుకొని తలకు చుట్టుకోవడం మనమూ చేశాం.  కనుక ఆ పిల్లవాడిని తప్పుపట్టే తొందర నాకు లేదు.

అక్క కూడా తప్పుపట్టలేదు. "మంచిగనే ఉన్నది కదా, మరి గొంతు ఎందుకు తగ్గించినవ్?" అని అడిగింది.

కొంచెంసేపు ఊరుకొని చెప్పాడు. ఆ తెలుగు దోస్తు ఇంటికి ఒకసారి భోజనానికి పోయాడట. దోస్తు వాళ్ళమ్మ ప్రేమగా వడ్డిస్తూనే అడిగింది: మీ ఇంటిపేరేంది, మీదే ఊరు, ఆ ఊళ్ళో మీరెవరు? ఇతనికి తెలియక, తెలిసినంత చెప్పాడు. తర్వాత ఆ ఇంటి నుంచి పిలుపు రాలేదు. కారణం వాళ్ళ నాన్న చెబితే గాని తెలియలేదు.

"అప్పటిసంది ఎవరన్న ఇండియన్లు కలిస్తే నేనే ముందుగాల బ్రౌన్ అని జోకులేస్త అక్కా. రెండో ప్రశ్న రాకుండ."

మిత్రులారా, నన్ను కదిలించింది ఈ మాటే. తెల్లవాడి ముందు ఆ పిల్లవాడికి బ్రౌన్ అన్నది గొడుగు. మనవాడి ముందు అదే ముసుగు.

అక్క టీచరు కదా, పాత కేసొకటి ఎత్తుకుంది. భగత్ సింగ్ థింద్ అని పంజాబు సిక్కు ఒకాయన. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసి పౌరసత్వం అడిగాడు. 1790 చట్టం తెల్లవాళ్ళకే పౌరసత్వం అన్నది, 1870లో ఆఫ్రికా సంతతివాళ్ళను చేర్చారు. మిగతావాళ్ళకు తలుపు లేదు. 1922 నవంబరులో ఒజావా అనే జపాను మనిషి కేసులో సుప్రీంకోర్టు, తెలుపంటే చర్మం రంగు కాదు, కాకేసియన్ జాతి అన్నది. థింద్ ఆ మాటే పట్టుకున్నాడు. నేను ఉత్తర భారతం ఆర్యుణ్ణి, అగ్రకులంవాణ్ణి, మీ పండితులు మమ్మల్ని కాకేసియన్లంటున్నారు కదా అన్నాడు. మూడు నెలలు తిరగ్గానే, 1923 ఫిబ్రవరి 19న అదే కోర్టు మాట మార్చింది. పండితుల లెక్క మాకొద్దు, మామూలు మనిషి తెల్లవాడని ఎవర్ని అనుకుంటాడో వాడే తెల్లవాడు, నువ్వు కాదు అన్నది. అంతకుముందే పౌరసత్వం పొందిన ఇండియన్లకు కూడా దాన్ని రద్దు చేసే కేసులు నడిచాయి.

"అన్యాయమే కదా?" అన్నాడు తమ్ముడు.

"అన్యాయమే. గాని ఆయన తరఫు వకీలు కోర్టుకు రాసిచ్చింది విను. పెండ్లి విషయంల అమెరికా తెల్లోడు నీగ్రోను ఎట్ల చూస్తడో, మా అగ్రకులపోళ్ళు ఆడి ఆదివాసులను గట్లనే చూస్తరు అని. గది ఆయన తెలుపుకు సాక్ష్యమట! నిచ్చెన తీసెయ్యమని అడుగలే, నన్ను పై మెట్టు మీద కూసోబెట్టు అన్నడు. మనల్ని కింద చూపెట్టి మరీ అడిగిండు."

"అయితే బ్రౌన్ మంచిదే కద, మేం తెల్లోళ్ళం అని ఎవ్వరం అంటలేం."

"దొంగ మాట అని నేననలే తమ్మీ. సగం మాట. రంగు దూరంకెల్లి కనపడుతది. కులం కనపడది, అందుకే అడుగుతరు. ఇంటిపేరు, ఊరు, ఏం తింటరు, ఎవరింట్ల పెండ్లి చేసిన్రు. అది కంటితోటి చేసే పని, ఇది చెవితోటి చేసే పని. నీ బ్రౌన్ టేబుల్ కాడ కన్ను మూసుకున్నరు, చెవి మూసుకోలే."

ఇది బాబాసాహెబ్ ఎప్పుడో తేల్చిన విషయం. 1936లో అచ్చేసిన కులనిర్మూలనలో, కులాలు వేర్వేరు రక్తాల నుంచి రాలేదని ఆయన వాదించారు. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి మనుషులు, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా ఒకే జాతి మనుషులు అని చూపించారు. వర్ణం అన్న మాటకు రంగు అనే అర్థం ఉన్నా, ఊళ్ళో రంగు చూసి కులం చెప్పలేం. దొరల గడీల్లో నల్లగా ఉన్నవాళ్ళు లేరా? మన వాడలో ఎర్రగా ఉన్నవాళ్ళు లేరా? అందుకే ఒకే రంగువాళ్ళం అని కలిసి కూర్చున్నంత మాత్రాన కులం లేచిపోదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. బ్రౌన్‌వాళ్ళ మధ్య అంతా బాగుంటే ఆ చట్టంతో పనేముంది?

నేను అక్క వైపు మొగ్గుతున్నానని మీరు పసిగట్టే ఉంటారు. కాని తమ్ముడు అప్పుడొక మాట అన్నాడు, దానికి అక్క దగ్గరా వెంటనే జవాబు లేదు.

"శ్రీనివాస్ కూచిభొట్ల యాదున్నడా అక్కా? హైదరాబాదాయన. 2017 ఫిబ్రవరి 22, కన్సస్ రాష్ట్రం ఒలేథ్‌ల. దోస్తు అలోక్ మాదసానితోటి కూసొని ఉంటే ఒకడొచ్చి మా దేశంకెల్లి పొండి అని తుపాకి తోటి కాల్చిండు. ఇరానోళ్ళను కాల్చిన అని తర్వాత చెప్పుకున్నడు. కులమేంది, ఊరేంది అని అడుగలే. నేనున్నా కాలుస్తుండె. బ్రౌన్ వట్టి పేరంటవా?"

కరెంటు వచ్చింది. ఎవరూ లైటు వేయలేదు.

అక్క చాలాసేపటికి వాసెట్ఠ సుత్తం ఎత్తింది. మనలో చాలామంది విన్నదే. వాసెట్ఠుడు, భారద్వాజుడు అని ఇద్దరు యువకులు నడుస్తూ వాదించుకుంటారు. పుట్టుకతో బ్రాహ్మణుడా, నడతతోనా? తేలక తథాగతుని దగ్గరికి పోతారు. ఆయన గడ్డి, చెట్లు, పురుగులు, నాలుగు కాళ్ళ జీవాలు, పాములు, చేపలు, పిట్టలు, ఒక్కొక్కటీ చూపిస్తారు. వీటికి పుట్టుకతోనే వేర్వేరు గుర్తులున్నాయి. మనుషులకు తలలో, చెవిలో, కంట్లో, చివరికి రంగులోగాని గొంతులోగాని అటువంటి గుర్తు లేదు. మనుషుల్లో తేడాలు పెట్టుకున్న పేర్లే. పశువుల్ని కాసి బతికేవాడు రైతు, దొంగిలించి బతికేవాడు దొంగ. మనిషి ఎవరో చేసే పని చెబుతుంది.

"వట్టి పేరంటే ఏం చెయ్యదని కాదు తమ్మీ, అంటరానితనం గూడ పేరే, తరతరాలు చంపింది. నీ కన్సస్ కథల ఇంకొకడున్నడు గద? ఇయాన్ గ్రిలట్. తెల్లోడు. తుపాకిల గుండ్లు అయిపోయినయ్ అనుకొని కాల్చినోణ్ణి పట్టుకోపోయిండు, చేతికీ ఛాతికీ తూటా తగిలి బతికిండు. రంగు చూస్తే ఆ ఇద్దరూ ఒక్కటే. పని చూడు."

తర్వాత ఆమె అన్నది నాకు బాగా గుర్తుంది. "మనకు బౌద్ధులమైనా ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నది. 1990ల చట్టం మార్చినంక వచ్చింది. దాంట్ల కులం పేరు రాసి ఉంటది. హక్కు అడిగే కాడ తీసి చూపిస్త, మళ్ళ పెట్టెల పెడుత. దాన్ని మెడల వేసుకొని తిరుగను, దాచుకోను గూడ. నీ బ్రౌన్ గట్లనే పెట్టుకో. కొట్టినోడి ముందు నిలవడేటప్పుడు తియ్యి. ఆ అమ్మ ముందు ఎందుకు తీస్తున్నవు?"

తమ్ముడు ఊరుకోలేదు. "మరి మీరు? నిన్ను నల్లగున్నదని వద్దన్నోళ్ళు ఎవరు, మనోళ్ళే కద? పొద్దున బుద్ధం శరణం అన్నంక, పెదనాయన ఆ కొత్త సంబంధం గురించి వాళ్ళు మనోళ్ళేనా, ఆవలోళ్ళా అని అడిగిండు. నేను విన్న. ఆవలోళ్ళంటే ఎవరక్కా? వాళ్ళు గూడ విహారానికి వచ్చేటోళ్ళే."

మాల, మాదిగ అన్న మాటలు వాడికి పూర్తిగా తెలియవు, అందుకే అంత సూటిగా అడగగలిగాడు. అక్క నవ్వలేదు. ఆ అమ్మ వడ్డిస్తూ అడిగిన ప్రశ్నా, మన వాకిట్లో అడిగిన ప్రశ్నా ఒక్కటేనని నాకు అప్పుడు గాని తట్టలేదు. నేనూ ఎన్నోసార్లు అడిగాను.

తెల్లారి అక్క తన పెళ్ళి బయోడేటా తీసింది. రంగు అన్నచోట వాళ్ళ నాన్న చామనచాయ అని రాయించాడు, ఒక మెట్టు పైకి జరిపి. అది కొట్టేసింది. ఉపకులం అన్నచోట కొట్టేయబోతే ఆయన కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"సంబంధాలు రావు బిడ్డా" అన్నాడు.

"ఎవరికెల్లి రావు నాయినా?"

ఆయన చెయ్యి తీయలేదు. ఆమె కాగితం గుంజుకోలేదు. తమ్ముడు పక్కన కూర్చొని, ఆ దోస్తు వాళ్ళమ్మ మళ్ళీ అడిగితే చివ్వెంల అని, ఏ వాడ అంటే ఆ వాడ అని చెప్పడం తెలుగులో నాలుగైదుసార్లు అనుకుంటున్నాడు. వాడ అన్నచోట ఇంకా నాలుక తడబడుతోంది.