సంకల్పం చివర ఉన్న క్రియ

మా మేనకోడలు గ్రూప్-2కి చదువుతోంది. పోయిన నెల మిర్యాలగూడలో మా ఇంటికి వచ్చినప్పుడు సంచిలోంచి పాలిటీ, ఎకానమీ పుస్తకాలతో పాటు ఒక లాంగ్ నోట్‌బుక్ కూడా తీసింది. పేజీల నిండా ఒకటే వాక్యం: "నాకు గ్రూప్-2 ఉద్యోగం వచ్చేసింది." పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి పడుకునే ముందు తొమ్మిదిసార్లు రాయాలట. దీన్ని త్రీ సిక్స్ నైన్ పద్ధతి అంటున్నారు. ఆమె పెట్టుకున్న గడువు 33 రోజులు. రోజుకు 18 చొప్పున లెక్కేస్తే 594 వాక్యాలు.

"వస్తుంది అని రాస్తే సరిపోదా?" అన్నాను.

"వస్తుందని రాయొద్దు మామయ్యా. వచ్చేసిందనే రాయాలె. రాదేమో అని లోపల అనుకున్నా పనిచెయ్యదట."

మా ఇంట్లో సంకల్పం చెప్పించడానికి పురోహితుడు వస్తే, అక్షింతలు పట్టుకుని కూర్చుని ఆయన అన్నదల్లా తిరిగి అనేసే మనిషిని నేను. అందులో ఏ మాటకు ఏ పనో పట్టించుకున్నది తక్కువే. మా పిల్ల నోట్‌బుక్ చూశాక పట్టించుకోవాల్సి వచ్చింది. కోరికను ఏ కాలంలో చెప్పాలి? వర్తమానంలోనా, భూతంలోనా, భవిష్యత్తులోనా? ఇది వ్యాకరణం ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, కొత్త బోధకూ పాత బోధకూ అసలు తేడా ఇక్కడే ఉందని నాకు తోచింది.

ముందు కొత్త బోధ ఎంత కొత్తదో చూద్దాం. ఆస్ట్రేలియాకు చెందిన రోండా బర్న్ 'ది సీక్రెట్' అనే సినిమాను, పుస్తకాన్ని 2006లో తెచ్చింది. వాలెస్ వాటిల్స్ అనే అమెరికన్ 1910లో రాసిన సంపాదన పుస్తకం చదివాకే తనకు దారి దొరికిందని ఆమే చెప్పుకుంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1906లో, విలియం వాకర్ అట్కిన్సన్ అనే లాయరు 'లా ఆఫ్ అట్రాక్షన్' అన్న మాటను పుస్తకం పేరులోనే పెట్టాడు. ఆలోచనలు తరంగాల్లాంటివి, ఎలాంటి తరంగం పంపితే అలాంటిదే తిరిగొస్తుంది అన్నది ఆయన వాదం. వైర్‌లెస్ టెలిగ్రాఫ్ జనానికి కొత్త వింతగా ఉన్న రోజులవి. ఈ అట్కిన్సన్ గారే 'యోగి రామచరక' అన్న పేరుతో యోగం మీద వరసగా పుస్తకాలు రాశాడు. కాబట్టి ఇది మన వేదాల్లో ఉన్నదేనని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే, మన పేరు అరువు తెచ్చుకున్న చికాగో లాయరు ఒకాయన మధ్యలో ఉన్నాడని గుర్తుంచుకోవాలి.

మరి మన దగ్గర ఉన్నదేమిటి? ఆ ఆదివారం దామరచర్ల దాటి వాడపల్లి వెళ్ళాం. మూసీ కృష్ణలో కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుడి ఉంది, లక్ష్మీనరసింహస్వామి కూడా ఉన్నాడు. గోత్రం చెప్పి అర్చన చేయించుకున్నాం. బయట మెట్ల మీద కూర్చున్నాక, ఇంట్లో వ్రతానికి చెప్పే పూర్తి సంకల్పాన్ని ఆమెకు ముక్కలు చేసి చూపించాను.

మొదట కల్పం, మన్వంతరం, యుగం వస్తాయి. తర్వాత చోటు. మేరువుకు దక్షిణ దిక్కు, శ్రీశైలానికి ఈశాన్యం, కృష్ణా గోదావరుల నడుమ అంటూ దిగి దిగి మనం కూర్చున్న ఇల్లు దాకా వస్తుంది. తర్వాత మళ్ళీ కాలం. సంవత్సరం నుంచి మొదలై అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం దాకా దిగుతుంది. తర్వాత చేసేవాడి గోత్రం, పేరు, కుటుంబం. ఆ తర్వాతే కోరిక. అది కూడా 'అర్థం' అన్న మాటతో ముగుస్తుంది, అంటే 'కోసం' అని. వాక్యం అక్కడా ఆగదు. ఫలానా పూజను, చేతనైనంతలో, 'కరిష్యే' అంటేనే పూర్తవుతుంది. చేస్తాను అని. అప్పుడు అక్షింతలు నీళ్ళతో పళ్ళెంలో వదులుతాం.

అంత పొడుగు వాక్యానికి ఉన్న ప్రధాన క్రియ అదొక్కటే. కోరిక దానికి విశేషణంలా అతుక్కుని ఉంటుంది. 'వచ్చేసింది' అన్న మాటకు అందులో చోటే లేదు.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. మన కోసం మనం చేసుకునేటప్పుడు 'కరిష్యే' అంటాం. ఇంకొకరి తరఫున పురోహితుడు చేసేటప్పుడు 'కరిష్యామి' అంటాడు. పని ఫలం చేసేవాడికే చెందితే ధాతువు ఆత్మనేపదం తీసుకుంటుందని పాణిని సూత్రం. ఎవరు చేస్తున్నారు, ఎవరికి చెందుతుంది అన్న లెక్క క్రియ చివరి అక్షరంలోనే తేలిపోతుంది. ఇంత జాగ్రత్తగా అల్లిన మాటను మనం సెల్‌ఫోన్ చూసుకుంటూ అనేస్తున్నాం. అది వేరే సంగతి.

'నువ్వు ఏది అనుకుంటే అదే అవుతావు' అని ఉపనిషత్తులో ఉందంటారు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడికి చెప్పిన మాటకు అది సగం. ఆయన చెప్పింది నాలుగు మెట్లు. కామం ఎలాంటిదో క్రతువు అలాంటిది. ఇక్కడ క్రతువంటే యజ్ఞం కాదు, గట్టి నిశ్చయం. నిశ్చయం ఎలాంటిదో పని అలాంటిది. పని ఎలాంటిదో దక్కేది అలాంటిది. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ ఉంచుకుని నడిమి రెండూ పీకేస్తే 'ది సీక్రెట్' అవుతుంది. పైగా ఆ మాట అక్కడితో ఆగదు. కోరికే లేనివాడి సంగతి వెంటనే వస్తుంది, యాజ్ఞవల్క్యుడు వెళ్ళాలనుకున్నది అటువైపే. కోరిక తీర్చుకునే చిట్కాగా దాన్ని వాడుకోవడం, మైలురాయిని ఊరనుకోవడం లాంటిది.

ఇదంతా పండితుల మాట కదా, మామూలు మనుషులు ఎలా కోరుకున్నారు అని అడగవచ్చు. దానికి మనకు దగ్గర్లోనే రాతిమీద సాక్ష్యం ఉంది. మిర్యాలగూడ పొలాలకు ఎడమ కాలువ నీళ్ళిచ్చే నాగార్జునసాగర్ కిందే ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. మునిగే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీద దాచారు. ఇప్పుడది దీవి, లాంచీలో వెళ్ళాలి. అక్కడి మహాచైత్యం స్తంభాల మీద చాంతిసిరి అనే మహాతలవరి శాసనాలున్నాయి. రాజు చాంతమూలుడి చెల్లెలు ఆమె.

ప్రాకృతంలో ఉన్న ఆ శాసనాల అమరిక ఇంచుమించు మన సంకల్పమే. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి 6వ ఏడు, వానాకాలం 6వ పక్షం, 10వ రోజు అని కాలం ఉంది. తానెవరి చెల్లెలో, ఎవరి భార్యో ఉంది. మహాచైత్యం దగ్గర స్తంభం నిలిపానని పని ఉంది. ఎందుకోసమో కూడా ఉంది: ఉభయ లోకాల హితం కోసం, తనకు నిర్వాణం కోసం. ఆమె బౌద్ధానికి సాయం చేసింది, అన్నగారు వైదిక యజ్ఞాలు చేసినవాడు. దారులు వేరైనా వాక్యం కట్టిన తీరు ఒకటే.

క్రియలు చూడండి. స్తంభం నిలిపిన మాట అయిపోయిన కాలంలో ఉంది, ఎందుకంటే అది నిజంగా నిలిచింది. నిర్వాణం దగ్గర మాత్రం 'కోసం' అనే ఉంది. 'నాకు నిర్వాణం వచ్చేసింది' అని చెక్కించలేదు. చెక్కేవాడికి కూలి ఇచ్చి ఏమైనా రాయించుకోగల స్థోమత ఉన్న ఇంటి ఆడపడుచు ఆమె.

అయిపోయినట్టు ఊహించుకుంటే నష్టమేమిటి, ధైర్యమైనా వస్తుంది కదా అంది మా పిల్ల. వస్తుంది. పరీక్ష భయంతో చేతులు చల్లబడే పిల్లకు ఓ పది నిమిషాలు స్థిమితంగా రాసుకోవడం మేలే. కానీ 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు కాలేజీ పిల్లల మీదే దీన్ని పరీక్షించారు. పరీక్షకు ముందు కొన్నాళ్ళపాటు రోజూ కాసేపు కొందరిని మంచి మార్కులు వచ్చేసినట్టు ఊహించుకోమన్నారు. కొందరిని చదువుతున్నట్టు, అంటే ఎక్కడ కూర్చుంటారో, ఎలా మొదలుపెడతారో ఊహించుకోమన్నారు. చదువును ఊహించుకున్నవాళ్ళకు మార్కులు మెరుగయ్యాయి. మార్కుల్ని ఊహించుకున్నవాళ్ళకు ఆ లాభం కలగలేదు, వాళ్ళు చదివిన గంటలు కూడా తక్కువే. వచ్చేసిందని మనసు నమ్మాక, దాని కోసం లేచి కూర్చోవాల్సిన తొందర ఎక్కడిది?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. ఉద్యోగం రాకపోతే? 'నీ మనసులో అనుమానం ఉంది' అంటారు. అనుమానం లేదని ఏ పిల్ల ప్రమాణం చేయగలదు? అంటే ఆ పద్ధతి ఎప్పటికీ ఓడిపోదు, ఓడిపోయేది రాసిన పిల్లే.

మన పాతవాళ్ళకూ ఈ చిక్కు వచ్చింది. పుత్రకామేష్టి చేసినా కొడుకు పుట్టలేదు, కాబట్టి వేదం అబద్ధం అన్న ఆక్షేపణను గౌతముడి న్యాయసూత్రాల్లోనే ఎత్తారు. జవాబేమిటంటే పనిలోనో, చేసినవాడిలోనో, సాధనాల్లోనో లోపం ఉండి ఉంటుంది అని. ఇది కూడా తప్పించుకునే జవాబేనని నాకు అనిపిస్తుంది, దాచడం ఎందుకు. అయినా ఒక తేడా ఉంది. లోపం వెతకడానికి మూడు చోట్లు చూపించారు, వాటిలో రెండు మనసు బయటివి. మా పిల్ల విషయంలో పని అంటే ఎన్నిసార్లు రివిజన్ అయింది, పాత పేపర్లు ఎన్ని చేసింది. సాధనం అంటే ఆ మెటీరియల్ కొత్త సిలబస్‌దేనా. ఇవి లెక్కపెట్టి చూడగలం. పైగా పోస్టుల కన్నా ఎన్నో రెట్ల మంది రాసే పరీక్షలో మూడూ సరిగా ఉన్నా రాకపోవచ్చు. ఆ మాట కూడా చెప్పాను.

మొక్కుల దగ్గర మనమూ తక్కువేం కాదు. సత్యనారాయణ వ్రతకథలో వైశ్యుడు బిడ్డ పుడితే చేస్తానన్నాడు, పుట్టాక పెళ్ళికి చేస్తానన్నాడు, పెళ్ళయ్యాక మరిచాడు. కథలో వాడికి మొదట వచ్చిన కష్టాలు తీరని కోరిక వల్ల కాదు, తీర్చని 'కరిష్యే' వల్ల. ఏడాదికోసారి వినే కథే అయినా ప్రసాదం చల్లారిపోతోందని మధ్యలో హడావుడి పడతాం.

తిరుగు బస్సులో ఆమె నోట్‌బుక్ మళ్ళీ తెరిచింది. మధ్యాహ్నం ఆరూ రాయడం బాకీ ఉందట.

"మరి క్రియ మార్చొచ్చా మామయ్యా? 'ఇవాళ పంచాయతీరాజ్ చాప్టర్ చేస్తాను' అని?"

"ఆరుసార్లు ఎందుకు, ఒక్కసారి రాస్తే చాలదా?"

"త్రీ సిక్స్ నైన్‌లో అట్ల లేదు మరి," అని కాసేపు ఆలోచించింది. బస్సు కుదుపుకు అక్షరాలు వంకరపోతున్నాయని పెన్ను మూసి సంచిలో పెట్టుకుంది.